రోడ్డు ఎదిగింది, వాకిలి దిగింది

మా ఇంటి గేటు ముందు రెండు మెట్లు ఉండేవి. బడి నుంచి వచ్చి, మోరి మీది బండ దాటి, ఆ రెండు మెట్లు ఎక్కితే గేటు. సాయంత్రం పూట మా నానమ్మ పై మెట్టు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లని పలకరించేది. ఇప్పుడు ఆ మెట్లు కాంక్రీటు కింద ఎక్కడో ఉన్నాయి. వాటిని ఎవరూ పగలగొట్టలేదు. రోడ్డే వాటిమీదికి ఎక్కింది.

వరంగల్‌లో హంటర్ రోడ్డుకి లోపలి వైపున్న పాత కాలనీ మాది. 1996లో బాపు రెండొందల గజాల్లో ఇల్లు కట్టాడు. ముందు 40 అడుగుల వెడల్పు, 14 అడుగుల లోతున్న వాకిలి. చుట్టూ నాలుగున్నర అంగుళాల ఎర్ర ఇటుక గోడ, పది అడుగులకొక పిల్లరు, ఐదడుగుల ఎత్తు. రెండు రెక్కల ఇనుప గేటు, దాని మీద చువ్వలతో చేయించిన పొద్దుపొడుపు బొమ్మ. మూలన గోడకి రెండడుగుల దూరంలో వేపచెట్టు, గేటు పక్కన పారిజాతం, ఇంకో పక్క నందివర్ధనం, మందారం, కల్యామాకు చెట్టు, నడుమ తులసి గద్దె. బతుకమ్మ పండుగ వస్తుందంటే గోడ పొడుగునా బంతి, చామంతి నానమ్మవే. తంగేడు, గునుగు మాత్రం బయటి నుంచి తెచ్చుకునేవాళ్లం.

ఇల్లు కట్టినప్పుడు ముందు మట్టి రోడ్డు. తర్వాత కంకర, మొరం పోసి తొక్కించారు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు సీసీ రోడ్డు వేశారు. అది పగుళ్లిచ్చాక, దాన్ని తవ్వి తీయకుండా పైనే ఇంకో సీసీ వేశారు. వేసిన ప్రతిసారీ కాలనీ అంతా సంబరపడ్డది. రోడ్డు నున్నగా వచ్చిందా లేదా అన్నదే అందరం చూశాం, ఎంత ఎత్తుకు వచ్చిందో ఎవరమూ కొలవలేదు.

కొలవడం పెద్ద పనేం కాదు. మేస్త్రీల దగ్గర లెవెల్ పైపు ఉంటుంది. సన్నని, అవతలికి కనబడే ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి, ఒక కొస ఇక్కడ, ఇంకో కొస అక్కడ పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలబడతాయి. లోపల గాలి బుడగ ఉండకూడదు, అంతే. ఆ నీటి మట్టం నుంచి నేలదాకా రెండుచోట్లా టేపుతో కొలిస్తే ఏది ఎంత ఎత్తో తెలిసిపోతుంది. మేం ఆ కొలత చాలా ఆలస్యంగా, గోడ పడ్డాక తీసుకున్నాం. ఒకప్పుడు వాకిలి రోడ్డుకంటే 12 అంగుళాలు ఎత్తు. ఇప్పుడు రోడ్డే వాకిలి పాత మట్టం కంటే 8 అంగుళాలు ఎత్తు. అంటే పాతికేళ్లలో రోడ్డు 20 అంగుళాలు ఎదిగింది.

2020 ఆగస్టు వానలకి మోరి నిండి, నీళ్లు గేటు కింద నుంచి లోపలికి వచ్చాయి. అవి వాననీళ్లు మాత్రమే కావు, మోరి నీళ్లు. తులసి గద్దె దాకా వచ్చినందుకు నానమ్మ రెండు రోజులు సరిగా తినలేదు. బాపు నాకు ఫోన్ చేసి, "వాకిలి లేపుదామనుకుంటున్నరా. మొరం పోయిస్తే రోడ్డు కన్న మీదికి వస్తది. ఏమంటవ్?" అన్నాడు.

"పోయించు బాపూ, లెవెల్ పెరిగితే అయిపోతది కదా" అన్నాను. ఇంజనీరింగ్ చదివినవాణ్ని, ఆ మాట అనడానికి అర నిమిషం కూడా ఆలోచించలేదు.

అడుగున్నర మందాన పోయాలంటే 40, 14 అడుగుల వాకిలికి 840 ఘనపుటడుగుల మొరం కావాలి. ట్రాక్టరు ట్రాలీకి సుమారు వంద పడుతుంది, తొక్కితే కొంత దిగుతుంది. అట్లా పది ట్రాక్టర్లు పట్టింది. వాకిలి రోడ్డు కంటే పది అంగుళాలు మీదికొచ్చింది. గేటు అడుగు భాగం మట్టిలో కూరుకుపోతే వెల్డర్‌ని పిలిచి కీళ్లు పైకి జరిపించాం. లోపలి నుంచి చూస్తే ఐదడుగుల గోడ మూడున్నర అడుగులే కనబడుతోందని, దానిమీద ఇంకో రెండడుగులు ఇటుక కట్టించాం. ఆ వానాకాలం ఒక్క చుక్క లోపలికి రాలేదు. బాపు కాలనీలో నలుగురికి ఆ సలహా కూడా ఇచ్చాడు.

ముందు పోయింది పారిజాతం. ఆకులు చిన్నవయ్యాయి, పసుపు తిరిగాయి, కొమ్మల కొసలు పైనుంచి ఎండుకుంటూ వచ్చాయి. బాపు ఎరువు వేశాడు, నీళ్లు పోశాడు. నానమ్మ మాత్రం మొదటి రోజే అన్నది, "చెట్టుకు మెడ దాకా మన్ను కప్పినవ్ కొడుకా, అది ఊపిరెట్ల తీసుకుంటది?" అని. ఆమె మాటని మేం సామెతలాగ విన్నాం. కానీ అది అక్షరాలా నిజమని తర్వాత చదువుకుంటే తెలిసింది. చెట్టుకి ఊపిరి తీసుకునే సన్నని వేళ్లు ఎక్కువగా పైమట్టిలోనే, అడుగు అడుగున్నర లోపలే ఉంటాయి. మీద అడుగున్నర మొరం పోసి తొక్కితే వాటికి గాలి తగ్గిపోతుంది. పైగా కాండం బెరడు గాలికి ఆరుతూ ఉండాల్సింది, వేరు బెరడులాగ తడిమట్టిలో ఉండలేదు, మెల్లగా కుళ్లుతుంది. కప్పిన వెంటనే ఏమీ కనబడదు. ఒక ఏడు, రెండేళ్లు పడుతుంది. అందుకే చెట్టు చచ్చినప్పుడు మట్టి సంగతి ఎవరికీ గుర్తురాదు. ఎండకనో, తెగులనో అనుకుంటాం.

ఇక గోడ. 2023 జులై ఆఖరి వారంలో కురిసిన వాన వరంగల్ వాళ్లెవరికీ చెప్పనక్కర్లేదు. హంటర్ రోడ్డు పక్క కాలనీల్లో పడవలు తిరిగాయి. మా వీధిలో నీళ్లు మోకాలి దాకా వచ్చాయి. వాకిలి మీదికి కూడా కొంచెం ఎక్కాయి గానీ ఇంట్లోకి రాలేదు. వాన ఆగింది, వీధిలో నీళ్లు తీశాయి. అందరం గండం గడిచిందనుకున్నాం. వాన ఆగిన రెండో రోజు, మధ్యాహ్నం నాలుగు దాటాక, వేపచెట్టు నుంచి గేటు దాకా ఉన్న గోడ మొత్తం, ఇరవై అడుగుల ముక్క, ఒక్కసారిగా రోడ్డు వైపు పడిపోయింది. మెట్లు పోయినప్పటి నుంచి నానమ్మ కుర్చీ వేసుకుని కూర్చునేది ఆ గోడ అవతల, మోరి బండ మీదే. రోజూ ఐదింటికి. ఇటుకల కింద నుంచి ఆ ప్లాస్టిక్ కుర్చీని బయటికి తీస్తే దాని నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు విరిగి ఉన్నాయి. బాపు దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. నేను ఆ రాత్రే హైదరాబాద్ నుంచి బయల్దేరాను.

వాన కురుస్తున్నప్పుడు నిలబడ్డ గోడ వాన ఆగాక ఎందుకు పడింది? నాకు ఇదే అర్థం కాలేదు. మా మేస్త్రి రెండు చేతులు ఎదురెదురుగా ఆనించి చూపించాడు. "ఇటు మన్ను నెడతది, అటు నీళ్లు నెడతయి. రెండు దిక్కుల జోరు సమానం ఉన్నప్పుడు గోడ నిలవడ్డది. బయటి నీళ్లు పోయినయి. లోపటి మన్నుల నీళ్లు ఎటు పోతయి తమ్మీ? బొక్క పెట్టకపోతిరి." అని ఒక చెయ్యి తీసేశాడు. రెండో చెయ్యి ముందుకు పడింది.

తర్వాత కూర్చుని లెక్క వేసుకుంటే నా అర నిమిషం సలహాలో ఎన్ని తప్పులున్నాయో కనబడింది. ప్రహరీ గోడ వేరు, మట్టిని ఆపే గోడ వేరు. ప్రహరీ దాని బరువు అది మోసుకుని, గాలికి నిలబడితే చాలు. దానికి పక్క నుంచి తోపుడు ఉండదు, అందుకే నాలుగున్నర అంగుళాల మందం సరిపోతుంది. దాని వెనక మట్టి పోసిన రోజు నుంచి అది వేరే ఉద్యోగం చేస్తోంది. మట్టి తోపుడు ఎత్తుతో పాటు సమానంగా పెరగదు. ఎత్తు రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది. మా గోడ వెనక మట్టిని రోడ్డు నుంచి చూస్తే పది అంగుళాలే. కానీ గోడ కాలి దగ్గరే మోరి ఉంది. రోడ్డు ఎదిగినా మోరి అడుగు పాత మట్టంలోనే ఉంది. అక్కడి నుంచి కొలిస్తే మూడున్నర అడుగుల మట్టి. ఆ మట్టి నిండా నీళ్లు ఊరితే, ఆ ఎత్తుకి తోపుడు పొడిమట్టి కంటే దాదాపు రెండింతలు. పైగా పునాది మోరి అడుగు కంటే అర్ధ అడుగే లోతు, వరద దాని పక్క మట్టిని కోసుకుపోయింది. పైన అందం కోసం కట్టిన రెండడుగుల ఇటుక గోడని ఇంకా తలబరువు చేసింది.

గుర్తులు ముందే కనబడ్డాయి, మేమే చదవలేదు. పడకముందు ఆర్నెల్ల నుంచి గేటు రెక్కలు రెండూ పైన దూరంగా, కింద దగ్గరగా ఉండేవి. గడియ పెట్టాలంటే ఒక రెక్కని పైకి ఎత్తాల్సివచ్చేది. గేటు పాతదైందనుకున్నాం. నిజానికి పిల్లరు ఒరిగింది. గోడ లోపలి వైపు, మట్టి మట్టానికి కొంచెం కింద, ఇటుక వరసల మధ్య అడ్డంగా ఒక చీలిక ఉండేదట. అది మట్టిలో ఉంది కాబట్టి ఎవరికీ కనబడలేదు. కానీ దారానికి గుండు కట్టి గోడ తలనుంచి వేలాడదీసి ఉంటే, పైన ఎంత దూరం కింద ఎంత దూరం అన్నది రెండు నిమిషాల్లో తెలిసేది.

మేస్త్రి ఇంకో మాట అన్నాడు. "కోట గోడ చూసినవా? సున్నం లేదు, సిమెంటు లేదు." వరంగల్ కోట లోపలి రాతిగోడ కాకతీయులది. పెద్ద పెద్ద గ్రానైటు రాళ్లని ఏ అతుకూ లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చారు. లోపలి వైపు మట్టికట్ట, దాని మీద పైకెక్కే రాతిమెట్లు. అంటే ఏడు వందల ఏళ్లకు పైగా అది మట్టిని ఆపుతున్న గోడే. మేస్త్రి లెక్క ప్రకారం అతుకు లేని రాళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరిపోతాయి, లోపల నిలవవు. ఆ గోడ నిలబడటానికి దాని మందం, బరువు కూడా కారణమే అనుకోండి. కానీ నీళ్లకి దారి ఉండాలన్న అతని మాట సరైనదే. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు ఆ గోడ పక్కనుంచి పోయానో, అట్లా ఎప్పుడూ చూడలేదు.

వానాకాలం పోయాక పని మొదలుపెట్టాం. మొదటి నిర్ణయం, మొరం తీసేయడం. బాపుకి అది చాలా కష్టమైంది. తేవడానికి పైసలిచ్చి, మళ్లీ తీయడానికి పైసలివ్వడం. కానీ వాకిలి పాత మట్టానికి దిగితేనే గోడకి తోపుడు తగ్గుతుంది, చెట్లకి ఊపిరి వస్తుంది. మరి రోడ్డు నీళ్ల సంగతి? దానికి మొత్తం వాకిలి లేపనక్కర్లేదు, గేటు దగ్గర గడప లేపితే చాలు. ఇంటికి గడప ఉన్నట్టే వాకిలికీ ఒక గడప. రోడ్డు కంటే 6 అంగుళాలు ఎత్తున కాంక్రీటు గట్టు పోశాం, అది వాకిలి కంటే 14 అంగుళాలు ఎత్తు. లోపలికి తొమ్మిదడుగుల పొడవున ఏటవాలు. అంతకంటే పొట్టిగా చేస్తే బండి దిగేటప్పుడు జారుతుంది. గట్టు తలని రెండడుగులు చదునుగా ఉంచాం, లేకపోతే స్కూటీ కడుపు గీసుకుంటుంది. గేటు లోపలికే తెరుచుకుంటుంది, ఏటవాలు కిందికి దిగుతుంది కాబట్టి రెక్కకి ఏదీ తగలదు. గేటు పిల్లర్లు ఈసారి ఇటుకవి కావు, వాటి కింద సొంత ఫుటింగులున్న కాంక్రీటువి. గేటు మాత్రం పాతదే. పొద్దుపొడుపు బొమ్మని బాపు వదలనన్నాడు.

గోడకి పునాది మోరి అడుగు కంటే రెండడుగులు కిందికి తీసుకెళ్లాం. అడుగున గ్రానైటు బండరాయి కట్టడం, దానిమీద గడప మట్టం దాకా నాలుగు చువ్వల బీము, ఎనిమిదడుగులకొక పిల్లరు, పైన ఆరంగుళాల సిమెంటు ఇటుక. వాకిలి మట్టానికి కింద, ఐదడుగులకొకటి చొప్పున రెండంగుళాల పైపు ముక్కలు మోరి వైపు వాలుగా పెట్టాం, వెనక మట్టి కొట్టుకుపోకుండా కంకర, జాలీ. మేస్త్రి చెప్పిన బొక్కలు ఇవే.

పునాది తవ్వుతుంటే వేపచెట్టు దగ్గర తొడ మందం వేరు ఒకటి గోడ కిందినుంచి బయటికి పోయి కనబడింది. కూలీ గొడ్డలి ఎత్తాడు. మేస్త్రి కూడా కొట్టేయమన్నాడు. గోడకి రెండడుగుల దూరంలో ఉన్న చెట్టుకి అటువైపు పెద్ద వేరు అదొక్కటే. దాన్ని కొడితే చెట్టు గాలికి ఇంటివైపు పడొచ్చు. చివరికి అక్కడ ఐదడుగుల మేర రాతి పునాది వేయకుండా వదిలేశాం. అటు ఇటు ఫుటింగులు, వాటి మీద బీము వంతెనలాగ వేరు మీదినుంచి దాటుతుంది. వేరుకీ బీముకీ మధ్య నాలుగంగుళాల సందు, అందులో వదులు ఇసుక. వేరు లావైనా గోడని లేపదు. మేస్త్రి మొదట నవ్వాడు, తర్వాత "మోరి మీద బండ ఏసినట్టే కదా" అని తానే వివరించుకున్నాడు.

చెట్టు మొదలు దగ్గర పారతో తవ్వనివ్వలేదు. నేనూ బాపూ రెండు ఆదివారాలు చేతి తాపీతో, కర్రతో మట్టి తీశాం. బాగున్న చెట్టు నేలలోకి పోయేచోట ఏనుగు కాలులాగ వెడల్పుగా పరుచుకుంటుంది. మా వేప స్తంభం పాతినట్టు నిటారుగా లోపలికి పోయింది, మెడ కప్పబడిందనడానికి అదే గుర్తు. అడుగున్నర తీశాక పాత మొదలు వెడల్పు కనబడింది. బెరడు రెండుచోట్ల మెత్తబడి, చేత్తో ముడితే ఊడి వచ్చింది. కాండం నుంచి మొరంలోకి దారాల్లాంటి కొత్త వేళ్లు పుట్టి ఉన్నాయి. ఆ రోజు బాపు తాపీ పక్కన పెట్టి, "పారిజాతాన్ని నేనే పూడ్చిన కదరా" అన్నాడు. పోయించమన్నది నేను. ఆ మాట అన్నాను గానీ ఆయన విన్నట్టు లేదు.

ఇక మిగిలింది వాకిలిలో పడ్డ వాన బయటికి పోవడం. రోడ్డు ఎత్తున్నా మోరి అడుగు వాకిలి కంటే రెండడుగులు కిందే ఉంది, అది మా అదృష్టం. వాకిలి మూల నుంచి నాలుగంగుళాల పైపు మోరిలోకి వేసి, కొసన నీళ్లు బయటికి మాత్రమే పోనిచ్చే రెక్క బిగించాం. మోరి నిండితే రెక్క మూసుకుంటుంది. అప్పుడు వాన నీళ్లు లోపలే ఆగాలి కాబట్టి ఒక ఇంకుడు గుంత తవ్వాం, నాలుగడుగుల చదరం, ఆరడుగుల లోతు, నిండా రాళ్లు. ఇది అన్నింటికీ మందు కాదు. నాలుగంగుళాల వాన ఒక్కసారి పడితే వాకిలిలో 187 ఘనపుటడుగుల నీళ్లవుతాయి. రాళ్లు నింపిన గుంతలో పట్టేది నలభైకి లోపే. మిగతావి వాకిలిలో మూడంగుళాలు నిలబడి మెల్లగా ఇంకాలి. వీధిలో వరద గంటల తరబడి ఉంటే గోడ బొక్కల్లోంచి కూడా కొంత వెనక్కి ఊరుతుంది. రెక్కలో చెత్త ఇరుక్కుంటే మూసుకోదు, వానకి ముందు బాపు కడుగుతాడు.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1న మళ్లీ కుంభవృష్టి. నేను ఇంట్లోనే ఉన్నాను. వీధి నిండింది, నీళ్లు గడప తలకి రెండంగుళాల కింద ఆగాయి. వాకిలిలో మడమ దాకా నీళ్లు నిలిచాయి. మరునాటికి సగం, ఆ తెల్లారికి మొత్తం ఇంకిపోయాయి. వాన ఆగాక రెండు రోజులు నానమ్మని గోడ దగ్గరికి పోనివ్వలేదు. రోజుకి మూడుసార్లు గుండు కట్టిన దారం వేలాడదీసి చూశాను. గోడ కదల్లేదు, బొక్కల్లోంచి సన్నగా నీళ్లు కారుతూనే ఉన్నాయి.

వేప పెద్ద కొమ్మ ఒకటి ఎండిపోతే కొట్టించాం. మిగతాది ఉగాదికి చిగురించింది, మునుపటంత గుబురు ఇంకా లేదు. పారిజాతం చోట ఇంకో మొక్క పెట్టాం, మోకాలెత్తు ఉంది. నానమ్మ కుర్చీ ఇప్పుడు గడప లోపలే.

మా వీధికి మళ్లీ కొత్త రోడ్డు వస్తుందంటున్నారు. బాపు గేటు పిల్లరు మీద ఎర్ర రంగుతో ఒక గీత గీసి, పక్కన ఇప్పటి రోడ్డు మట్టానికి ఇంకో గీత గీశాడు. పాతది తవ్వి తీశాకే కొత్తది వేయమని కాలనీ వాళ్లందరితో సంతకాలు పెట్టిస్తున్నాడు. సంతకం పెట్టడానికి వచ్చినవాళ్లని ఊరికే పంపడు. లెవెల్ పైపు ఒక కొస వాళ్ల చేతికిచ్చి, వాళ్ల గేటు దాకా నడిపిస్తాడు.